చాట్‌లో ‘అన్నా’, లెటర్‌లో ‘గారు’

చొప్పదండిలో కిరాయికుంటున్న ఒక తమ్ముడు నన్నడిగాడు: ‘‘అన్నా, జనవరి 31కి ఇల్లు ఖాళీ చేస్తున్న. అడ్వాన్స్ అడిగితే ఓనర్ ‘చూద్దాం తమ్మీ’ అంటున్నడు. వాట్సాప్‌ల గట్టిగ పెట్టాల్నా?’’

వద్దు. గొంతు పెంచకండి, దారి మార్చండి. ఆయన కిరాయి నెలకు 4,500, అడ్వాన్స్ 9,000, అగ్రిమెంట్ లేదు. ఈ లెక్కతోనే చూద్దాం.

మొదట చాట్. ‘‘అన్నా నమస్తే. జనవరి 31కి ఖాళీ చేస్తున్న. ఆదివారం పొద్దున వస్త, అడ్వాన్స్ సంగతి మాట్లాడుకుందాం.’’ ఒక్క విషయం, ఒక్క టైం, చాలు. చాట్ పని కలిసే రోజు ఖాయం చేయడమే. లెక్కలన్నీ అందులో పెడితే అటు నుంచి బొటనవేలు బొమ్మ వస్తుంది. అది దేనికి ఒప్పుకున్నట్టో ఎవరూ చెప్పలేరు.

మాట్లాడాక ఈమెయిల్. ఇక్కడ ‘అన్నా’ పోయి ‘సార్’ వస్తుంది. సబ్జెక్టులోనే ‘జనవరి 31న ఇల్లు ఖాళీ – అడ్వాన్స్ రూ.9,000’ అని రాయండి. లోపల: ‘‘సార్, నమస్తే. ఆదివారం మనం మాట్లాడుకున్నట్టు 31న తాళం ఇస్తాను. డిసెంబరు వరకు కిరాయి, కరెంటు బిల్లు కట్టాను, రసీదులు జతచేశాను. అడ్వాన్స్ ఏ రోజు ఇస్తారో జనవరి 3లోగా తెలియజేయగలరు.’’ అలక, ఎత్తిపొడుపు వద్దు. తేదీలు, పైసలు మాట్లాడితే చాలు.

జవాబు రాలేదా? అప్పుడు లెటర్. ‘‘గౌరవనీయులైన ఫలానా గారికి, తమ ఇంటిలో నెలవారీ కిరాయికి ఉంటున్న నేను జనవరి 31న ఇల్లు ఖాళీ చేసి తాళం అప్పగిస్తానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. అడ్వాన్స్ రూ.9,000 అదే రోజు తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.’’ కింద తేదీ, సంతకం, అడ్రస్. ‘మోసం’, ‘కేసేస్తా’ లాంటి మాటలు రానీయొద్దు. ఈ లెటర్‌ను రేపు మీ ఇద్దరినీ ఎరగని మూడో మనిషి చదవొచ్చు. ఆయనకు మీ కోపంతో పని లేదు.

లెటరే ఎందుకంటారా? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, నెలవారీ కిరాయి ముగించడానికి 15 రోజుల నోటీసు కావాలి. అది రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. ఆ 15 రోజులు అవతలివాళ్లకు అందిన రోజు నుంచి లెక్క. అందుకే జనవరి మొదటి వారంలోనే పంపాలి. అగ్రిమెంట్‌లో ‘నెల ముందు చెప్పాలి’ అని ఉంటే మాత్రం అదే లెక్క. రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. జిరాక్స్, రసీదు దాచుకోండి. లెటర్ పంపగానే పైసలు రావు. కానీ ‘నాకెప్పుడు చెప్పినవ్?’ అనే మాట ఇక నడవదు.

ఇంకో మాట. పోస్టు చేసిన రోజే చాట్‌లో ఒక లైను పెట్టండి: ‘‘అన్నా, లెక్క కోసం ఒక లెటర్ పంపిన, వేరే అనుకోవద్దు.’’ తాళం ఇచ్చేటప్పుడు మళ్లీ ఎదురుపడాల్సింది ఆయనకే కదా.