కొమ్ము విరిచి చూసిన చెయ్యి

నిజామాబాద్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో ఎనిమిదేళ్లు గుమస్తాగా చేసిన ఆర్మూర్ యువకుడొకడు మసాలాల ఎగుమతి కంపెనీలోకి మారాలనుకుంటున్నాడు. అక్కడి కొనుగోళ్ల మేనేజరుకు పంపబోయే మెసేజ్ నాకు చూపించాడు. "నమస్తే సార్. నాకు కంపెనీ అనుభవం లేదు. ఇన్నాళ్లూ అడ్తిలో పద్దులు రాశాను. ఒక్క అవకాశం ఇవ్వండి, నేర్చుకుంటాను." ఇందులో అబద్ధం లేదు. కానీ చదివే మనిషికి పనికొచ్చే మాట కూడా ఒక్కటీ లేదు.

సీజన్‌లో పొద్దున్నుంచి ఏం చేసేవాడివని అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. పసుపు సరుకు దిగగానే కొమ్ము, గోళ కలిసిపోయాయేమో చూస్తాడు. రాశి లోపలి నుంచి ఒక కొమ్ము తీసి విరుస్తాడు. బాగా ఆరినదైతే ఖంగున విరుగుతుంది, తడి ఉంటే వంగుతుంది. విరిచిన చోట రంగు అంతటా ఒకేలా లేకపోతే ఉడకడంలో తేడా వచ్చిందేమోనని అనుమానిస్తాడు. ధర తగ్గితే ఎందుకు తగ్గిందో రైతుకు నచ్చజెప్పేదీ అతనే. తడి సరుకు కొని గోదాంలో పెడితే బూజు పడుతుంది. కొనుగోళ్ల మేనేజరుకు ఉండే పెద్ద దిగులు అదే. దాన్ని కొనకముందే పట్టుకోగల మనిషి "పద్దులు రాశాను" అని ఊరుకున్నాడు!

కూర్చుని తిరగరాశాం. "ఎనిమిది సీజన్లుగా నిజామాబాద్ యార్డులో పసుపు రాశులు చూసి తడి, ఉడుకు, కల్తీ తేడాలు చెబుతున్నాను. రైతులతో ధర మాట్లాడటం నా రోజువారీ పని. చేత్తో తెలుసుకునేది ల్యాబ్ కొలతతో ఎంతవరకు సరిపోతుందో నేర్చుకుని, నాణ్యత చూసే కొనుగోళ్ల పనిలోకి రావాలనుకుంటున్నాను. మీరు నమూనాలు ఎలా తీస్తారో పది నిమిషాలు ఫోనులో అడగవచ్చా?"

మారడానికి కారణం ఒక్క వాక్యంలో అయిపోయింది, పాత యజమాని మీద ఫిర్యాదు లేదు. అడిగింది ఉద్యోగం కాదు, పది నిమిషాలు. అంతమాత్రం కాదనడానికి ఎవరికైనా కష్టమే.

అతను ఉత్సాహం కొద్దీ "కర్క్యుమిన్ శాతం చూసి చెప్పగలను" అని కూడా కలిపాడు. నేను తీయించేశాను. అది కంటికి తెలిసేది కాదు, పరీక్షలోనే తేలుతుంది. పురుగుమందుల అవశేషాల సంగతీ అంతే. ఆ రంగంలో ఉన్నవాడు ఈ ఒక్క మాట చూస్తే మిగతావీ నమ్మడు. రైతుల ఫోన్ నంబర్లు, దుకాణం రహస్య ధరలు తనతో తెస్తానని ఆశ చూపడం ఇంకా ప్రమాదం. రేపు మన లెక్కలూ ఇలాగే పట్టుకుపోతాడనే అనుకుంటారు.

వారం దాటినా జవాబు రాకపోతే "నా మెసేజ్ చూశారా" అని అడగవద్దని చెప్పాను. ఆ వారం వానకు తడిసిన సరుకు యార్డుకు వస్తుంటే, తన కళ్లతో చూసిన ఆ సంగతే రెండు వాక్యాల్లో రాయాలి. దానికీ జవాబు లేకపోతే మరో కంపెనీకి రాసుకోవడమే.