రెండుసార్లు దొరికేవారు, ఒక్కసారీ దొరకనివారు

టెలిఫోన్ సర్వేల్లో ల్యాండ్‌లైన్ నంబర్ల జాబితానూ మొబైల్ నంబర్ల జాబితానూ కలిపి వాడాలన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా, రెండింటిలోనూ ఉన్నవారిని రెండుసార్లు లెక్కించకుండా చూసుకుంటే చాలన్నట్టుగా చర్చ ముగిసిపోతుంది. ఆ ధోరణిలోనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, రాష్ట్రాలవారీగా పొగతాగడం, ఊబకాయం, బీమా వంటి విషయాలను ఆరా తీసే తన భారీ సర్వేలో 2011 నుంచి మొబైల్ నంబర్లను చేర్చినా, ఇంట్లో ల్యాండ్‌లైన్ కూడా ఉందన్నవారిని మొబైల్ వైపు నుంచి పక్కన పెట్టింది. వడపోత అని పిలవదగిన ఈ పద్ధతి కాగితం మీద శుభ్రంగా కనిపిస్తుంది గాని, అది తప్పుడు విధానమని చెప్పడానికి ఆ ఏడాదే అందుబాటులోకి వచ్చిన ఒక్క అంకె సరిపోతుంది: 15.7 శాతం.

అదే దేశంలో ఇంటింటికీ వెళ్లి చేసే జాతీయ ఆరోగ్య ఇంటర్వ్యూ సర్వే 2010 రెండో అర్ధభాగంలో తేల్చిన అంకె ఇది. కేవలం మొబైల్ మాత్రమే ఉన్న కుటుంబాలు 29.7 శాతమన్న మాటను పత్రికలూ పండితులూ పదేపదే వల్లించారు. కానీ ల్యాండ్‌లైన్ ఉండి కూడా కాల్స్ అన్నింటినీ, లేదా దాదాపు అన్నింటినీ, మొబైల్ మీదే అందుకునే కుటుంబాలు మరో 15.7 శాతమని అదే నివేదిక చెప్పిన సంగతిని మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. జాబితా ప్రకారం వీరు రెండు వైపులా ఉన్నవారు, ఆచరణలో ఒక్క వైపు మాత్రమే దొరికేవారు.

సమస్య ఎక్కడుందో ఊహాత్మకమైన ఒక పట్టణాన్ని తీసుకుని చూడవచ్చు. అక్కడి లక్ష మంది పెద్దల్లో 30,000 మందికి మొబైల్ మాత్రమే, 15,000 మందికి ల్యాండ్‌లైన్ మాత్రమే, 55,000 మందికి రెండూ ఉన్నాయనీ, ఒక్కొక్కరికి ఒక్కో నంబరే ఉందనీ అనుకుంటే, ల్యాండ్‌లైన్ జాబితా 70,000 మందినీ మొబైల్ జాబితా 85,000 మందినీ అందుకుంటుంది. రెండింటి నుంచీ నూటికి ఒకరి చొప్పున తీసుకుంటే, మొదటి నమూనాలో 700 మందీ రెండో దానిలో 850 మందీ వస్తారు. ఈ 1,550 మందినీ ఒకే కుప్పగా పోస్తే రెండు ఫోన్లూ ఉన్నవారు 1,100 మంది, అంటే 71 శాతం అవుతారు. నిజానికి వారు 55 శాతమే. మొబైల్ మాత్రమే ఉన్నవారు 30 శాతం నుంచి 19 శాతానికి కుంగిపోతారు. వీరిలో పొగతాగేవారు 30 శాతం, మిగిలినవారందరిలో 15 శాతం అనుకుంటే, పట్టణపు అసలు రేటు 19.5 శాతం కాగా, కుప్ప చెప్పే రేటు 17.9 శాతం. ఈ తేడా నమూనాను పదింతలు చేసినా తగ్గదు.

దీనికి పరిష్కారం 1962లోనే హెచ్.ఓ. హార్ట్‌లీ చెప్పాడు. జనాభాను మొదటి జాబితాలో మాత్రమే ఉన్నవారు, రెండో దానిలో మాత్రమే ఉన్నవారు, రెండింటా ఉన్నవారు అని మూడు భాగాలు చేసి, ఉమ్మడి భాగానికి రెండు నమూనాల నుంచి వచ్చే రెండు అంచనాలను ఒక నిష్పత్తిలో కలపాలన్నది ఆయన సూత్రం. ఆ నిష్పత్తి సగం సగమైతే, ఉమ్మడి భాగంలోని ప్రతి వ్యక్తి భారాన్ని, అంటే అతడు ఎంతమందికి ప్రతినిధిగా నిలుస్తాడో ఆ సంఖ్యను, 100 నుంచి 50కి తగ్గించినట్టు. పై ఉదాహరణ అప్పుడు కచ్చితంగా 19.5 శాతానికి వచ్చి చేరుతుంది. అయితే అత్యుత్తమ నిష్పత్తి ప్రశ్న ప్రశ్నకూ మారిపోవడం ఈ సూత్రంలోని చిక్కు: పొగతాగడానికి ఒక భారం, బీమాకు మరో భారం అంటే ఏ సర్వే సంస్థకూ పని నడవదు. అన్ని ప్రశ్నలకూ ఒకే భారాలు పనికివచ్చే మార్గాన్ని 1996లో క్రిస్ స్కిన్నర్‌తో కలిసి చూపినవాడు ఏలూరులో పుట్టి, హార్ట్‌లీ వద్దే డాక్టరేట్ చేసి, కెనడాలో స్థిరపడిన జె.ఎన్.కె. రావు. అంటే రెండుసార్లు లెక్కించడమనే చిక్కు ఎన్నడో తీరిపోయిన చిక్కు; దాన్నే పట్టుకుని వేలాడటం కాలక్షేపం.

తీరనిది 15.7 శాతం చిక్కు. హార్ట్‌లీ సూత్రం ఉమ్మడి భాగాన్ని రెండు నమూనాలూ సమానంగా, నమ్మకంగా ప్రతిబింబిస్తాయన్న భావన మీద నిలబడి ఉంది. పట్టణంలోని 55,000 మందిలో 16,000 మంది మొబైల్‌నే వాడేవారనీ, ల్యాండ్‌లైన్ మోగినప్పుడు వారిలో నాలుగో వంతు మందే దొరుకుతారనీ, మిగిలిన 39,000 మంది దొరకడంలో లోటేమీ లేదనీ అనుకుంటే, ల్యాండ్‌లైన్ నమూనాలో వారు 160 మందికి బదులు 40 మందే కనిపిస్తారు, మిగిలినవారు 390 మంది. ఈ 430 మందినే 55,000కు పెంచి చూపితే మొబైల్‌నే వాడేవారు 16,000 కాక సుమారు 5,100 అవుతారు. దాదాపు 11,000 మంది మాయమై, వారి స్థానంలో ఇంటిపట్టున ఉండి ల్యాండ్‌లైన్ ఎత్తేవారు అన్నివేల మంది కూర్చుంటారు. వడపోత పద్ధతి చేసేది సరిగ్గా ఇదే, ఎందుకంటే అది ఉమ్మడి భాగం మొత్తాన్ని ల్యాండ్‌లైన్ నమూనాకే అప్పగిస్తుంది.

సగం సగం కలిపేవారు కూడా సంబరపడనక్కరలేదు. మొబైల్ నమూనాలో పక్షపాతం తలకిందులుగా ఉంటుంది: మొబైల్‌నే వాడేవారు 160 మందీ దొరికి, మిగిలినవారు సగమే, అంటే 195 మందే దొరికితే, మొదటి వర్గం సుమారు 24,800గా తేలుతుంది. 5,100నూ 24,800నూ సగటు చేస్తే 15,000కు చేరువై అంతా సవ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది గాని, అది రెండు తప్పులు ఎదురెదురుగా నిలబడటం వల్ల కలిగిన కాకతాళీయమే, ఫోన్ ఎత్తే అలవాటు కాస్త మారితే చెదిరిపోయేదే.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. రెండు ఫోన్లూ ఉన్నాయన్నవారిని రెండు నమూనాల నుంచీ విడివిడిగా తీసి, వయసు, అద్దె ఇల్లు, మొబైల్‌నే వాడేవారి వాటా వరుసగా సరిపోల్చాలి. యాదృచ్ఛికంగా రాగల తేడాను మించి అవి విడిపోతే ఆ రెండూ ఒకే జనాన్ని చూపడం లేదని అర్థం. అప్పుడు కాల్స్ ఎక్కువగా దేనిమీద వస్తాయన్న ఒక్క ప్రశ్న అదనంగా అడిగి, ఉమ్మడి భాగాన్ని మళ్లీ విడగొట్టి, ఇంటింటి సర్వే చెప్పిన వాటాలకు భారాలను సర్దాలి. ఫోన్ వాడకాన్ని జనం తమకు తోచినట్టు చెబుతారన్నదీ, ఇంటింటి సర్వే అంకెలు రాష్ట్రస్థాయిలో పలచబడతాయన్నదీ ఈ మందుకున్న పరిమితులు.

వడపోత వల్ల లెక్క తేలికవుతుందన్న వాదనలో కొంత నిజముంది. ఖర్చు తగ్గుతుందన్న వాదనలో అదీ లేదు. యాంత్రిక డయలింగ్‌పై అమెరికా చట్టం విధించిన ఆంక్షల వల్ల మొబైల్ కాల్స్‌ను మనుషులే నొక్కి చేయవలసి వచ్చిన రోజుల్లో, మన ఊహా పట్టణంలోలా కష్టపడి పట్టుకున్న 850 మందిలో 550 మందికి వద్దని చెప్పి ఫోన్ పెట్టేయడం పొదుపు ఎలా అవుతుందో ఆ విధానకర్తలే చెప్పాలి. సీడీసీ సర్వే 2012లో తొంభై శాతం కాల్స్ మొబైల్ మీదే అందుకునేవారిని చేర్చుకుని, 2014లో మొబైల్‌కు దొరికిన పెద్దలందరికీ తలుపులు తెరిచింది. అంటే 2010 నాటి 15.7ను గుర్తించడానికే రెండు విడతలు పట్టింది.

2016 చివరికి మొబైల్ మాత్రమే ఉన్న అమెరికా కుటుంబాలు 50.8 శాతానికి చేరాయి కాబట్టి ఇదంతా పాత గొడవ అనేవారు, చిరునామాల జాబితానూ మొబైల్ జాబితానూ కలిపే సర్వేలు అదే గోతిని మళ్లీ తవ్వుతున్నాయని గమనించడం లేదు. ఉమ్మడి భాగానికి రెండు నమూనాలు ఇచ్చిన రెండు అంచనాలను పక్కపక్కన ప్రచురించని సంస్థ, ఎంత పెద్ద నమూనా చూపినా, నమ్మదగిన రేటు చెప్పినట్టు కాదు. ఆ రెండు అంకెలూ అడగకుండా దాని ఫలితాలను శీర్షికలకెక్కించే సంపాదకులకు కూడా ఆ తప్పులో వాటా ఉంది.