పరిమితి ముందా, కో-పే ముందా?

ఇక్కడినుంచి ప్రీమియం కట్టి హైదరాబాదులో అమ్మానాన్నలకు పాలసీ తీసుకున్నవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. క్లెయిము తగ్గి వస్తే "కో-పే ఉంది కదా" అని సరిపెట్టుకుంటాం. కంపెనీలకు కావలసింది సరిగ్గా అదే. కోత ఎంత అన్నదే కాదు, ఏ వరుసలో కోశారన్నదీ చూడాలి.

మా నాన్నగారి గుండె ఆపరేషను లెక్క చూడండి. పాలసీ 5 లక్షలు. డిడక్టబుల్ 50 వేలు, అంటే మొదట మనం భరించవలసిన మొత్తం. ఆ పైన 20 శాతం కో-పే. ఆస్పత్రి బిల్లు 7,40,000. అందులో నాన్-పేయబుల్ 40 వేలు పోగా 7 లక్షలు మిగిలింది.

కంపెనీ దీన్ని ముందు 5 లక్షలకు కుదించింది. అందులోంచి 50 వేలు, మిగిలిన దానిలో 20 శాతం తీసేసి 3,60,000 చేతిలో పెట్టింది.

ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిర్వచనం ప్రకారం కో-పే అనేది అనుమతించదగిన క్లెయిము మొత్తంలో మన వాటా. కో-పే గానీ, డిడక్టబుల్ గానీ బీమా మొత్తాన్ని తగ్గించవని ఆ నిర్వచనాల్లోనే ఉంది. అలాగైతే కోతలు 7 లక్షల మీద పడాలి. 50 వేలు పోతే 6,50,000, అందులో 20 శాతం పోతే 5,20,000. పరిమితి ఆ తర్వాత వస్తుంది కాబట్టి రావలసింది 5 లక్షలు. వరుస మార్చినందుకు మాకు పోయింది 1,40,000! కంపెనీ వరుసలో ఎంత పెద్ద బిల్లు వచ్చినా 3,60,000 దాటదు. మరి 5 లక్షల పాలసీ అని అమ్మడం దేనికి? మీ పాలసీలో కో-పే "చెల్లించవలసిన మొత్తం" మీద అని రాసి ఉంటే మాత్రం వాదన కొంత బలహీనపడుతుంది. ఆ వాక్యం ముందే చూసుకోండి.

నాన్-పేయబుల్ 40 వేల సంగతీ అంతే. పాలసీ చివర నాలుగు జాబితాలుంటాయి. మొదటిదానిలోని చేతి తొడుగులు, అటెండెంటు ఖర్చు వంటివి మనవే. గాజుగుడ్డ, సర్జికల్ బ్లేడ్లు మూడో జాబితాలోవి, అవి ఆపరేషను ఛార్జీలోనే కలిసి ఉండాలి. మా బిల్లులో ఇలాంటివి విడిగా 14 వేలు! బీమా కంపెనీ ఇవ్వదు, ఆస్పత్రి వదలదు. ఐఆర్‌డీఏఐకి ఆస్పత్రులపై అధికారం లేదు గనక ఈ పోట్లాట డిశ్చార్జికి ముందే బిల్లింగు కౌంటరు దగ్గర పడాలి.

కోసిన ప్రతి పద్దుకూ పాలసీలోని ఏ నిబంధనో చెప్పాలని 2024 మాస్టర్ సర్క్యులర్ కంపెనీలను ఆదేశించింది. మాకు వచ్చిన ఉత్తరంలో "పాలసీ షరతుల ప్రకారం" అన్న ఒక్క ముక్కే ఉంది. నాన్నగారి సంతకంతో కంపెనీకి రాశాం. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళతాం. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.