నెట్ ఆపండి, ఆట కాదు

సెలవుల్లో అక్కచెల్లెళ్ళ పిల్లలంతా ఒక ఇంట్లో చేరితే పెద్దవాళ్ళ నోట వచ్చే మొదటి మాట, "ఆ ఫోన్లు అవతల పెట్టండి" అని. నేను మాత్రం "నెట్ ఆపేసి ఆడుకోండి" అంటాను. వినడానికి ఒకేలా ఉన్నా ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. మనలో చాలామంది నెట్ లేకపోతే నలుగురు కలిసి ఫోన్లో ఆడలేరనే అనుకుంటారు. ఆడగలరు.

మా వైపు వాళ్ళకు ఈ సంగతి శ్రీశైలం దారిలో బాగా తెలుస్తుంది. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా వెళ్తూ మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలోకి దిగామంటే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మొన్న దసరా సెలవుల్లో మా బండిలో నలుగురు పిల్లలు, నలుగురి చేతుల్లో ఇళ్ళ నుంచి తెచ్చిన పెద్దవాళ్ళ ఫోన్లు. అడవిలోకి రాగానే పెద్దవాడి ఫ్రీ ఫైర్ ఆగిపోయింది. ఆ ఆటకు నెట్ తప్పనిసరి. అప్పుడు మా చెల్లెలి కూతురు, "పెద్దమ్మా, నీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చెయ్యి, మినీ మిలీషియా ఆడతాం" అంది.

హాట్‌స్పాట్ అంటే మన నెట్‌ను పక్కవాళ్ళకు పంచడమే అనుకుంటాం. నిజానికి అది ఆన్ చేయగానే మన ఫోనే ఒక చిన్న వైఫై డబ్బా అవుతుంది. మిగతా ఫోన్లు దానికి కలుస్తాయి. ఆటలో ఎవరు ఎటు దూకారు, ఎవరు ఎవరిని కాల్చారు అనే కబురంతా ఆ ఫోన్ల మధ్యనే తిరుగుతుంది. ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్ దాకా పోయి రానక్కర్లేదు. అందుకే సిగ్నల్ లేకపోయినా ఆట సాగుతుంది, డేటా ఖర్చు కాదు.

చేయాల్సింది కొంచెమే. ముందు అన్ని ఫోన్లలో మొబైల్ డేటా ఆపాలి. ఒక ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి, పాస్‌వర్డ్ చెప్పి, మిగతావాళ్ళను వైఫైలో కలవమనాలి. తర్వాత ఆటలో LAN అని ఉన్నచోట ఒకరు ఆట మొదలుపెడితే మిగతావాళ్ళు అందులో చేరతారు. ఆ రోజు ముగ్గురు చేరారు, ఒకడి ఫోన్లో మాత్రం ఆట కనిపించలేదు. చూస్తే వాడు డేటా ఆపలేదు. వైఫైలో నెట్ లేదని ఫోన్ దాన్ని వదిలేసి సిమ్ వైపు చూస్తోంది. డేటా ఆపి, నెట్ లేకున్నా కలిసే ఉండాలా అని ఫోన్ అడిగినప్పుడు ఉండమని నొక్కితే సరిపోయింది. అప్పటికీ కనిపించకపోతే అందరి ఫోన్లలో ఆట ఒకే వెర్షన్ ఉందో లేదో చూడాలి. అది అడవిలో సర్దుకునే పని కాదు కాబట్టి బయలుదేరే ముందు ఇంట్లోనే ఒకసారి డేటా ఆపి ఆడి చూడమనండి.

బ్లూటూత్‌తో ఆడే ఆటలూ ఉన్నాయి. దాని వేగం తక్కువ కనుక చెస్ లాగా ఒకరి తర్వాత ఒకరు ఆడేవాటికి, ఇద్దరికి అది చాలు. నలుగురు పరుగెత్తుతూ ఆడేదానికి హాట్‌స్పాటే మేలు. అయితే హాట్‌స్పాట్ ఇచ్చిన ఫోన్ వేడెక్కుతుంది, చార్జింగ్ త్వరగా దిగిపోతుంది. ఆ ఫోన్ ఆగితే అందరి ఆటా ఆగిపోతుంది.

నా దృష్టిలో ఇది లోపం కాదు, మంచిదే. ఎందుకంటే ఆ ఫోన్ నాది. హాట్‌స్పాట్ అందే దూరం ఒక ఇల్లంత. అందులో చేరాలంటే నేను చెప్పిన పాస్‌వర్డ్ కావాలి. కాబట్టి పిల్లలు ఎవరితో ఆడుతున్నారో కొత్తగా అడగాల్సిన పని లేదు, అందరూ కళ్ళముందే ఉంటారు. ముక్కూముఖం తెలియనివాడు ఆటలోకి వచ్చి మాట కలపలేడు. ఆటలో ఏదో కొందామన్నా అప్పుడు డబ్బు కట్టే దారి ఉండదు. ఓడిపోయినవాడు తెర మీద తిట్టడు, పక్కనున్నవాడి వీపు మీద ఒక్కటి వేస్తాడు. దాన్ని మనం చూసుకోగలం.

"ఎలా ఆడినా తల వంచుకునే కదా" అని మా అత్తమ్మ అంటుంది. అదీ నిజమే. కాల్చుకునే ఆట చిన్నపిల్లలకు తగదన్నదీ నిజమే. వాళ్ళకు లూడో కింగ్ ఉంది, నెట్ లేకుండా ఒకే ఫోన్‌ను చేతులు మార్చుకుంటూ ఆడవచ్చు. చేతిలో ఫోన్ లేని పిల్లవాడు కూడా అందులో కలుస్తాడు.

ఇంకొక్క జాగ్రత్త. హాట్‌స్పాట్ ఇచ్చిన ఫోన్లో డేటా ఆన్‌లో ఉంటే మాత్రం కథ మారిపోతుంది. మిగతా ఫోన్లన్నీ మన ప్యాక్ మీదే అప్‌డేట్లు దించుకుంటాయి, బయటి ఆటలూ తెరుచుకుంటాయి. ఆట మధ్యలో కొత్త కొత్త ప్రకటనలు వస్తున్నాయంటే నెట్ నడుస్తోందేమోనని అనుమానించండి, ఫోన్ తీసుకుని చూడండి. ఆట అయ్యాక హాట్‌స్పాట్ ఆపడం మరవకండి. ఈ రెండూ మన చేతిలో ఉన్నంతవరకు నలుగురు పిల్లలు హాల్లో కూర్చుని అరుచుకుంటూ ఆడే ఆటను ఆపాల్సిన కారణం నాకు కనిపించదు.