నోటి లెక్క – వ్రాత అంకె

నోటితో లెక్క చెప్పేటప్పుడు తెలుగువారు అర, పావు, ముప్పావు అన్న మాటలను సహజంగా వాడుతారు. వాటి నడుమ ఆంగ్ల సంఖ్యలు కూడా కలిసిపోతాయి. వినేవారికి ఇందులో ఇబ్బంది ఏమీ లేదు. ఆ మాటలను సంగ్రహంగా వ్రాయవలసి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. రైతులకు వారి భాషలోనే ఫోనులో సలహాలు ఇచ్చే కిసాన్ కాల్ సెంటర్లు 2004 జనవరి 21న ప్రారంభమయ్యాయి. అటువంటి సంభాషణ సారాంశంలో ఒక్క అంకె తప్పినా, దానిని చదివి సలహా ఇచ్చే నిపుణుని లెక్క అంతా తప్పుతుంది.

తెలంగాణ రైతు ఒకరు ఇలా చెప్పారనుకుందాం: “సార్, రెండెకరాల పది గుంటల్ల వరి నాటేసిన. ట్వంటీ డేస్ అయింది. ఎకరాకు బస్తా లెక్కన యూరియా చల్లిన. పురుగుకు ట్యాంకుకు థర్టీ ఎంఎల్ మందు కొట్టిన. పది పదిహేను వేలు ఖర్చయింది.”

ఈ మాటలలో మొదటి ప్రమాదం విస్తీర్ణానిది. తొందరలో వ్రాసేవారు దీనిని ‘2.10 ఎకరాలు’ అని వ్రాస్తారు. ఎకరానికి 40 గుంటలు కనుక 10 గుంటలు పావు ఎకరం. సరియైన దశాంశం 2.25. ఆంధ్ర ప్రాంతపు రైతు ‘రెండెకరాల పది సెంట్లు’ అంటే మాత్రం 2.10 అన్నదే సరి. ఎకరానికి 100 సెంట్లు కదా! అంటే ఒకే అంకె రెండు చోట్ల రెండు విస్తీర్ణాలను చెబుతుంది. కావున ‘2 ఎకరాల 10 గుంటలు (2.25 ఎకరాలు)’ అని రెండు రూపాలూ వ్రాయడమే క్షేమం. చదివేవారు ఒకదానితో మరొకదానిని సరిచూసుకోగలుగుతారు.

రెండవది బస్తా. అది పాత్రే గాని ప్రమాణం కాదు. యూరియా బస్తా పూర్వం 50 కిలోలు ఉండేది. 2018 నుండి 45 కిలోల బస్తాలు వచ్చాయి. డి.ఏ.పి. బస్తా మాత్రం 50 కిలోలే. బస్తా 45 కిలోలదైతే ఈ రైతు చల్లినది 2.25 × 45, అనగా సుమారు 101 కిలోలు. పాత అలవాటు కొద్దీ 50తో గుణిస్తే 112.5 కిలోలు వస్తుంది. విస్తీర్ణాన్ని 2.10గా భావించి 45తో గుణిస్తే 94.5 కిలోలు వస్తుంది. మాట ఒక్కటే, ఫలితాలు మూడు!

ట్యాంకు సంగతి మరింత జాగ్రత్తను కోరుతుంది. ట్యాంకు 10 లీటర్లదైతే లీటరు నీటికి 3 మిల్లీలీటర్ల మందు పడుతుంది. 20 లీటర్లదైతే 1.5 మిల్లీలీటర్లే పడుతుంది. రైతు చెప్పని కొలతను ఊహించి వ్రాసే అధికారం లేఖకునికి లేదు. ఫోను పెట్టేయక ముందే ‘మీ ట్యాంకు ఎన్ని లీటర్లది?’ అని అడగాలి. అడిగే అవకాశం దాటిపోతే ‘ట్యాంకుకు 30 మి.లీ.; ట్యాంకు పరిమాణం తెలియదు’ అని వ్రాయాలి. తప్పు అంకె కన్న ఆ ఖాళీ మేలు.

ఇక ‘పది పదిహేను వేలు’ అన్నది ఒక అంచనా. దానిని 25,000 అని కూడడం, 12,500 అని సగటు కట్టడం రెండూ దోషాలే. ‘రూ. 10,000 నుండి 15,000 వరకు’ అన్నదే రైతు మాటకు న్యాయం చేస్తుంది. ‘లక్షన్నర’ అన్నా, ‘వన్ పాయింట్ ఫైవ్ లాక్స్’ అన్నా పత్రంలో రూ. 1,50,000 అనే ఒకే రూపం ఉండాలి.

లెక్కలు ఎందుకు, రైతు మాటలనే యథాతథంగా వ్రాస్తే చాలదా అని కొందరు వాదిస్తారు. అలా వ్రాస్తే ఒక పత్రంలో గుంటలు, మరొక పత్రంలో సెంట్లు మిగిలి, రెండు పొలాలను పోల్చడం కుదరదు. అంతా హెక్టార్లలోకి మార్చాలని మరికొందరి అభిప్రాయం. అప్పుడు ‘0.91 హెక్టారు’ అని చదివి వినిపిస్తే అది తన పొలమేనని రైతు గుర్తించలేడు. పొరపాటు ఉంటే దిద్దలేడు. రైతు చెప్పిన అంకె, దాని నుండి కట్టిన లెక్క పత్రంలో విడివిడిగా కనిపించాలి. ప్రతి అంకె వెంట ప్రమాణం ఉండాలి. చివరకు వాటిని రైతు వాడిన మాటలలోనే తిరిగి వినిపించాలి. ‘రెండెకరాల పది గుంటలు, మొత్తం రెండుంబావు బస్తాల యూరియా, అంతేనా?’ అన్న ప్రశ్నకు అవుననో కాదనో చెప్పగలిగినవాడు ఆ రైతు ఒక్కడే.