జ్వరమొస్తే మొలతాడు కింద చూద్దాం

దసరా సెలవులకు ఉద్దానం వెళ్లిన మా గదిమిత్రుడు జీడితోటలో గడ్డి కోసి వచ్చాడు. పది రోజులకు జ్వరం. టైఫాయిడ్ అనుకుని ఇంజెక్షన్లు వేయించాం, తగ్గలేదు. పలాసలో ఒక డాక్టరుగారు మొలతాడు కింద, సిగరెట్టుతో కాల్చినట్టున్న నల్లటి పొక్కు చూసి స్క్రబ్ టైఫస్ అన్నారు. గడ్డిలో ఉండే, కంటికి ఆనని పురుగు పిల్ల కుట్టిన చోటది. నొప్పి, దురద లేవు గనుక వాడికే తెలియలేదు. ఈ క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది, అందుకే ఆ ఇంజెక్షన్లు పనిచేయలేదు. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకు రెండు, 7 రోజులకు రాశారు. రెండో రోజుకే జ్వరం దిగింది.

జ్వరమంటే నొప్పిమాత్ర మింగించి పడుకోబెట్టడం మాకు నచ్చదు. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో అది మరీ ప్రమాదం. చంకలు, గజ్జలు, నడుము చూడాలి. పొక్కు అందరికీ రాదు, అది లేకపోయినా జ్వరం తగ్గకపోతే రక్తపరీక్ష అడగాలి. హాస్టల్ వెనుక గడ్డి కూడా కోయించాలి. మన బట్టలు దానిమీదే ఆరేస్తున్నాం.