349.184 అని రాస్తే మార్కు పోవాలా?

పరీక్ష రాసి బయటికొచ్చిన విద్యార్థి తరచు చెప్పే మాట ఒకటుంది: "లెక్కంతా సరిగానే చేశాను, చివర ప్రమాణం రాయలేదని అర మార్కు కోసేశారు." ఇది అన్యాయమని మీలో చాలామంది అనుకుంటారు. కాదని నా అభిప్రాయం. ఎందుకో ఒక లెక్కతోనే చూద్దాం.

అనునాద గొట్టం ప్రయోగం మీకు తెలుసు. 512 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని కంపింపజేసి గొట్టం మూతి దగ్గర పట్టుకున్నారు. నీటిమట్టం దించుతూ పోతే గాలి స్తంభం పొడవు 16.2 సెం.మీ. ఉన్నప్పుడొకసారి, 50.3 సెం.మీ. ఉన్నప్పుడు మరోసారి ధ్వని బిగ్గరగా వినిపించింది. ఈ రెండింటి తేడా 34.1 సెం.మీ. అది తరంగదైర్ఘ్యంలో సగం. కాబట్టి తరంగదైర్ఘ్యం 68.2 సెం.మీ. దీన్ని పౌనఃపున్యంతో గుణిస్తే ధ్వని వేగం వస్తుంది.

ఇక్కడే దారులు చీలిపోతాయి. ఒకరు 512ను 68.2తో గుణించి, 34918.4 అని రాసి గీత గీసేస్తారు. ఆ అంకె దేనిని చెబుతున్నట్లు? సెకనుకు సెంటీమీటర్లా, మీటర్లా? చదివేవాడు ఊహించుకోవాలి. ఇంకొకరు అలవాటు చొప్పున దాని పక్కన "మీ./సె." అని తగిలిస్తారు. ఇది మరీ ప్రమాదం. అంటే ధ్వని ఒక్క సెకనులో దాదాపు 35 కిలోమీటర్లు పోతుందన్నమాట! మెరుపు కనిపించాక మూడు సెకన్లకు ఉరుము వినబడితే పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరాన పడిందని మనం లెక్కకడతాం గదా. ఆ ఒక్క సంగతి గుర్తు తెచ్చుకుంటే తప్పు అక్కడికక్కడే దొరికిపోయేది. ప్రమాణం వదిలేసినందుకు సాధారణంగా అర మార్కు పోతుంది. ఇలా తప్పు ప్రమాణం రాస్తే జవాబుకు కేటాయించిన మార్కు మొత్తం పోయినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే జవాబే వంద రెట్లు తప్పు.

సరే, మూడో విద్యార్థి తెలివిగా ముందే 0.682 మీ. అని మార్చుకుని 349.184 మీ./సె. అని రాశాడు. ప్రమాణం బాగానే ఉంది. కాని ఆ చివరి మూడంకెలు ఎక్కడివి? స్కేలు మీద అతడు చూసింది మిల్లీమీటరు వరకే. ఆ పొడవుల తేడాలో ఒక్క మిల్లీమీటరు పొరపాటు పడితే, తరంగదైర్ఘ్యం 2 మిల్లీమీటర్లు మారుతుంది, వేగం సెకనుకు ఒక మీటరు మారుతుంది. 349 లోని 9 మీదే మనకు పూర్తి నమ్మకం లేనప్పుడు, ఆ తరువాతి 184ను నమ్మమనడం ఎలా? కొలతల్లో మూడేసి సార్థక అంకెలున్నాయి, జవాబులోనూ మూడే ఉండాలి: 349 మీ./సె. సగాన్ని పూర్తి తరంగదైర్ఘ్యం చేయడానికి వాడిన 2 మాత్రం కొలత కాదు, కచ్చితమైన సంఖ్య. కనుక దానిలో ఒక్క అంకే ఉందని చింతించనక్కరలేదు.

అలాగని మధ్యలోనే అంకెలు తగ్గించకండి. 0.682ను 0.7గా మార్చి గుణిస్తే 358 వస్తుంది. తొమ్మిది మీటర్లు ఎక్కువ! సవరణ చివరి మెట్టులోనే చేయాలి.

ప్రమాణం ఎంచుకోవడంలోనూ ఇదే సంగతి. 34900 సెం.మీ./సె. అన్నది తప్పు కాదు. కాని ఆ చివరి రెండు సున్నలు కొలిచినవో, చోటు నింపడానికి వేసినవో చూసేవారికి తెలియదు. 349 మీ./సె. అంటే ఆ సందేహమే ఉండదు.

ఇక దిద్దేవారితో ఒక మాట. ప్రమాణం లేకపోతే వెంటనే ఎర్రగీత పెడతారు, 349.184ను మాత్రం చాలామంది టిక్కు పెట్టి వదిలేస్తారు. నా దృష్టిలో ఇది తిరకాసు. మొదటి విద్యార్థి ఒక మాట చెప్పడం మరిచాడు, మూడోవాడు తాను కొలవనిది కొలిచినట్లు చెప్పాడు. ముఖ్యంగా ప్రయోగ పరీక్షలో దీనికి అర మార్కు తగ్గించడం న్యాయం. కాని అదే పొరపాటుకు ప్రతి లెక్కలోనూ కోయనక్కరలేదు, పేపరు మొత్తానికి ఒకసారి చాలు. సూత్రానికీ, ప్రతిక్షేపణకూ రావలసిన మార్కులు మాత్రం ముట్టుకోకూడదు. అవి విద్యార్థి సంపాదించుకున్నవి.

ఈసారి జవాబు కింద గీత గీసేముందు స్కేలు మీద మీరు చూసిన అంకెలను ఒకసారి లెక్కపెట్టుకోండి. జవాబులో అంతకంటే ఎక్కువ ఉంటే, మిగిలినవి మీవి కావు.